ఇన్‌స్పెక్టరు అడిగే మూడు రుజువులు

2025 మార్చి 21న ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో ఊళ్లలో మందుల షాపుల్లోకి అధికారులు ఒకేసారి అడుగుపెట్టారు. ఔషధ నియంత్రణ విభాగం, విజిలెన్స్, మత్తు పదార్థాల మీద నిఘా కోసం ఏర్పాటైన ఈగల్ బృందం కలిసి చేసిన ఆ తనిఖీలకు ‘ఆపరేషన్ గరుడ’ అని పేరు పెట్టారు. మత్తునిచ్చే మాత్రలు డాక్టరు చీటీ లేకుండా చేతులు మారుతున్నాయా అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. ముందు కబురు పంపలేదు. పంపితే అది తనిఖీ కాదు కదా.

మామూలు రోజుల్లో కూడా డ్రగ్ ఇన్‌స్పెక్టరు చెప్పి రావాలన్న రూలేమీ లేదు. తన పరిధిలో అమ్మకం లైసెన్సున్న ప్రతి షాపునూ ఏడాదికి కనీసం ఒకసారి చూడాలని మాత్రం నిబంధన ఉంది. అందుకే “పక్క ఊళ్లో దిగారట” అని ఫోను వచ్చాక మొదలుపెట్టే సర్దుడు పెద్దగా పనికిరాదు. ర్యాకులు తుడవడానికి అరగంట చాలు. ఏడాదిగా రాయని రిజిస్టరును అరగంటలో రాస్తే, ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసిన ఆ పేజీలు చూడగానే ఇన్‌స్పెక్టరుకు విషయం అర్థమైపోతుంది.

ఈ అధ్యాయం కోసం ఒక షాపును ఊహించుకుందాం. విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం దాటి మైలవరం, తిరువూరు వైపు వెళ్లే రోడ్డు మీద ఎన్టీఆర్ జిల్లా జి. కొండూరులో ఉంది అది. చుట్టూ నూజివీడు మామిడి తోటల సీమ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోత కూలీలు, ట్రాక్టర్లు, బయటి ఊళ్ల బేరగాళ్లు. అదే కాలంలో ఎండ కూడా 40 డిగ్రీలు దాటుతుంది. షాపు నడిపేది భార్యాభర్తలు. భార్య రిజిస్టర్డ్ ఫార్మాసిస్టు, లెక్కలు, కొనుగోళ్లు భర్త చూస్తాడు. సాయంత్రాలు కౌంటరు దగ్గర సాయానికి ఒక కుర్రాడు. ఇలాంటి షాపు ఏడాది పొడవునా తనిఖీకి సిద్ధంగా ఎలా ఉంటుందో చూద్దాం.

చట్టం ఇచ్చిన అండ

1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలో మందుల షాపువాళ్లు తప్పకుండా తెలుసుకోవలసింది సెక్షన్ 19(3). షాపులో దొరికిన మందు నకిలీదనో, నాసిరకమనో పరీక్షలో తేలిందనుకోండి. దాన్ని తయారు చేసింది షాపు కాదు. అయినా అమ్మింది షాపే. అప్పుడు షాపును కాపాడేది ఈ సెక్షనే. మూడు సంగతులు రుజువు చేస్తే ఆ తప్పు షాపు మీద పడదని ఇది చెబుతుంది. ఒకటి, షాపు యజమాని మందును లైసెన్సున్న తయారీదారు, డిస్ట్రిబ్యూటరు లేదా డీలరు దగ్గర కొన్నాడు. రెండు, అందులో లోపముందని అతనికి తెలియదు, తగిన జాగ్రత్త తీసుకున్నా తెలుసుకోగలిగే వీలు లేదు. మూడు, తన దగ్గర ఉన్నంత కాలం దాన్ని సరిగ్గా నిల్వ చేశాడు, వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాడు.

కొనుగోలు బిల్లు, జాగ్రత్త, నిల్వ. తనిఖీలో ఇన్‌స్పెక్టరు తిరగేసే కాగితాల్లో, తెరిచి చూసే తలుపుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటి చుట్టూనే ఉంటాయి. ఏదో ఒకటి లేకపోతే మిగిలిన రెండూ ఉన్నా ఈ అండ దొరకదు. మూడూ షాపు యజమానే రుజువు చేసుకోవాలి, నోటి మాట సరిపోదు. ఈ అండకు ఒక హద్దు కూడా ఉంది. లైసెన్సు లేకుండా అమ్మినా, చీటీ లేకుండా మత్తు మాత్రలు ఇచ్చినా ఈ సెక్షన్ ఆదుకోదు. అవి షాపు సొంత తప్పులు.

గోడ మీద ఉండవలసినవి

లైసెన్సులు జనానికి కనబడే చోట ఉండాలి. చిల్లర అమ్మకానికి ఫారం 20, ఫారం 21 అనే రెండు లైసెన్సులుంటాయి. మామూలు మందులకు ఫారం 20. టీకాలు, ఇన్సులిన్ వంటి షెడ్యూల్ సి మందులకు ఫారం 21. ఇది లేకుండా ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకుంటే, ఆ ఇన్సులిన్‌కు లైసెన్సు లేనట్టే.

2017 చివర్లో నిబంధన మారింది. అంతకుముందులా ఐదేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్ చేయించుకోనక్కర్లేదు. ఐదేళ్లు పూర్తయ్యేలోగా రిటెన్షన్ ఫీజు కడితే లైసెన్సు కొనసాగుతుంది. ఈ వెసులుబాటే చాలామందిని ముంచింది. “లైసెన్సు శాశ్వతం అయిపోయింది” అన్న మాట మిగిలింది, ఫీజు తేదీ మరుపున పడింది. గడువు దాటితే ఆరు నెలల వరకు నెలకు 2 శాతం చొప్పున ఆలస్య రుసుముతో కట్టవచ్చు. అప్పటికీ కట్టకపోతే లైసెన్సు రద్దయినట్టే లెక్క. మన జి. కొండూరు షాపు లైసెన్సు 2021 జూన్‌లో వచ్చిందనుకుంటే, 2026 జూన్‌లో ఆ తేదీ రాకముందే ఫీజు కట్టి, రసీదును లైసెన్సు పక్కనే ఫ్రేములో పెట్టాలి. రసీదు ఇంట్లో బీరువాలో ఉందని చెబితే ఇన్‌స్పెక్టరు దాన్ని చూసినట్టు రాయలేడు.

ఫార్మాసిస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు కూడా అక్కడే ఉండాలి. అంతకంటే ముఖ్యం, ఫార్మాసిస్టు మనిషి అక్కడ ఉండాలి. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు ఫార్మాసిస్టు స్వయంగా గాని, ఆమె కళ్ల ముందు గాని ఇవ్వాలి. సర్టిఫికెట్టు అద్దెకు తెచ్చి గోడకు తగిలించే షాపుల సంగతి అధికారులకు బాగా తెలుసు. ఆ షాపుల్లో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న “మేడమ్ ఎక్కడ?” అన్నదే. ఫార్మాసిస్టు మారితే నెల రోజుల్లోగా లైసెన్సింగ్ అధికారికి తెలియజేయాలి. మన షాపులో భార్య ప్రసవానికి పుట్టింటికి వెళ్లిందనుకుందాం. ఆ నెలలు ఇంకో రిజిస్టర్డ్ ఫార్మాసిస్టును పెట్టుకుని, ఆ మార్పు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ ఉంచుకోవాలి. మనిషి దొరకకపోతే చీటీ మందులు అమ్మడం ఆపాలి. దీనికి మధ్యేమార్గం లేదు.

మొదటి రుజువు: కొన్న బిల్లు

2024 మార్చిలో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు కొన్ని యాంటీబయాటిక్ మాత్రలను పరీక్షిస్తే వాటిలో సుద్ద పొడి, స్టార్చ్ తప్ప మందు లేదని తేలింది. షీటు మీద తయారీదారుగా హిమాచల్‌ప్రదేశ్‌కు చెందిన ‘మెగ్ లైఫ్‌సైన్సెస్’ అని ఉంది. అలాంటి కంపెనీయే లేదు. ఇలాంటి సరుకు ఒక చిన్న ఊరి షాపు ర్యాకు మీదికి రావడానికి రెండు దారులుంటాయి. తెలియని మనిషి మార్జిన్ ఎక్కువ ఇస్తానని ఫోనులో ఊరించి కొరియర్‌లో పంపడం ఒకటి. లైసెన్సున్న ఏజెన్సీ నుంచి బిల్లుతో రావడం రెండోది. మొదటి దారిలో వస్తే షాపు యజమాని ముద్దాయి. రెండో దారిలో వస్తే బిల్లు చూపించి, దర్యాప్తును ఏజెన్సీ వైపు మళ్లించగలిగిన సాక్షి.

బిల్లులో చూడాల్సినవి ఎక్కువేం లేవు. అమ్మినవారి పేరు, చిరునామా, వాళ్ల హోల్‌సేల్ లైసెన్సు నంబర్లు, మందు పేరు, పరిమాణం, బ్యాచ్ నంబరు, తయారీదారు. విజయవాడ నుంచి మధ్యాహ్నం ఆటోలో డబ్బా దిగగానే కుర్రాడు చేసేది సాధారణంగా డబ్బా లెక్క ఒక్కటే. “అన్నా, పన్నెండు ఐటమ్‌లు, సరిపోయాయి” అంటాడు. లెక్క సరిపోతే చాలదు. బిల్లులో ఉన్న బ్యాచ్ నంబరూ, షీటు మీదున్న బ్యాచ్ నంబరూ ఒకటేనా అని ప్రతి ఐటమ్‌కూ చూసి బిల్లు మీద టిక్కు పెట్టాలి. తేడా వస్తే అప్పుడే ఏజెన్సీకి ఫోను చేసి, సరుకు తిప్పి పంపడమో, సవరించిన బిల్లు తెప్పించుకోవడమో చేయాలి. మూడు నెలల తర్వాత ఇన్‌స్పెక్టరు ఆ షీటు పట్టుకుని బిల్లు అడిగితే, వేరే బ్యాచ్ నంబరున్న బిల్లు ఆ షీటుకు బిల్లు కాదు.

ఈ తేడాలు వచ్చే చోట్లు రెండున్నాయి. మొదటిది స్కీము సరుకు. పదికి ఒకటి ఉచితం అన్నప్పుడు ఆ ఒకటి కూడా బిల్లులో ఫ్రీ కాలమ్‌లో రావాలి. సేల్స్‌మన్ జేబులోంచి తీసి ఇచ్చిన షీట్లు బిల్లు లేని సరుకే. అవి డాక్టర్లకిచ్చే శాంపిళ్లయితే ఇంకా ప్రమాదం. ‘అమ్మకానికి కాదు’ అని రాసి ఉన్న శాంపిలు గాని, ప్రభుత్వ ఆసుపత్రి సరఫరా మందు గాని మందుల షాపులో ఉండడమే తప్పు, అమ్మినా అమ్మకపోయినా.

రెండోది చేబదులు. రాత్రి ఎనిమిదింటికి ఒక పెద్దాయన షుగరు మాత్రకు వస్తాడు, షాపులో అయిపోయింది. ఎదురు షాపు నుంచి ఒక షీటు తెచ్చి ఇస్తారు, వారం తర్వాత తిరిగి ఇస్తారు. ఇచ్చిపుచ్చుకోవడం ఊళ్లో మంచి అలవాటే కావచ్చు. కాగితం మీద మాత్రం ఆ షీటు గాల్లోంచి వచ్చింది. ఎదురు షాపు ఆ ఒక్క షీటుకైనా బిల్లు రాసివ్వాలి. లేదంటే పెద్దాయన్నే అక్కడికి పంపాలి.

వచ్చిన ప్రతి బిల్లుకూ షాపు తన సొంత వరుస నంబరు వేయాలి, తేదీల వరుసలో ఫైలు చేయాలి. ఇది నిబంధన. ఏజెన్సీల వారీగా ఫైళ్లు పెట్టుకోవడం లెక్కలకు సౌకర్యమే గాని, ఇన్‌స్పెక్టరు చూడగోరేది తేదీల వరుస. ఎంతకాలం దాచాలంటే, జీఎస్‌టీ చట్టం ఎటూ ఆరేళ్లకు పైగా దాచమంటోంది కాబట్టి ఔషధ నిబంధనల గడువులను విడిగా గుర్తుంచుకునే పని లేదు. ఒక గట్టి అట్టపెట్టెలో ఏడాదికో కట్ట చాలు. థర్మల్ కాగితం మీద వచ్చే బిల్లులు మాత్రం కొన్నాళ్లకు తెల్లబడిపోతాయి. వాటికి జెరాక్స్ తీసి కలిపి కుట్టాలి.

బ్యాచ్ నంబరు ఎందుకంత ముఖ్యమో 2025 అక్టోబరులో దేశమంతా చూసింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో పిల్లల మరణాలకు ముడిపడిన కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్‌లో, ఎస్ఆర్-13 అనే బ్యాచ్‌లో, 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఆ బ్యాచ్ వాడొద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా హెచ్చరిక ఇచ్చింది. అలాంటి హెచ్చరిక వచ్చిన రోజున షాపు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ బ్యాచ్ మన దగ్గరకు వచ్చిందా? ఎన్ని సీసాలు ఉన్నాయి? ఎవరికి అమ్మాం? కంప్యూటరు బిల్లింగులో కొనుగోలు ఎక్కించేటప్పుడు బ్యాచ్ నంబరు బదులు సున్నాలు కొట్టే అలవాటున్న షాపుకు ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు దొరకదు.

రెండో రుజువు: హెచ్ వన్ రిజిస్టరు

తగిన జాగ్రత్త తీసుకున్నామని చెప్పుకోవడానికి షాపు దగ్గర ఉండే పెద్ద ఆధారం రిజిస్టర్లే. వాటిలో 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్ వన్ రిజిస్టరు దగ్గరే ఎక్కువ షాపులు దొరికిపోతాయి. ఈ జాబితాలో మొదట 46 మందులుండేవి. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, ఆల్ప్రజోలామ్, డయాజెపామ్ వంటి నిద్రమాత్రలు, నొప్పికి వాడే ట్రమడాల్. షీటు మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. వీటిని అమ్మిన ప్రతిసారీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం విడి రిజిస్టరులో అప్పటికప్పుడు రాయాలి. ఆ రిజిస్టరు మూడేళ్లు ఉంచాలి.

మామిడి కోతల కాలంలో ఈ షాపుకు వచ్చే అసలు ఒత్తిడి ట్రమడాల్ దగ్గరే. రోజంతా చెట్లెక్కి దిగి, బుట్టలు మోసిన మనిషి రాత్రికి నడుము పట్టుకుని వస్తాడు. “అమ్మా, మొన్న ఇచ్చిన నొప్పి మాత్రే ఇవ్వమ్మా, బాగా పనిచేసింది” అంటాడు. ఆ మొన్నటిది పారాసెటమాల్‌తో ట్రమడాల్ కలిపిన మాత్ర కావచ్చు. ట్రమడాల్ 2018 నుంచి మత్తు పదార్థాల చట్టం పరిధిలోకీ వచ్చింది. కాబట్టి చీటీ లేకుండా ఇస్తే రెండు చట్టాలకు జవాబు చెప్పుకోవాలి. ఫార్మాసిస్టు చెప్పవలసిన జవాబు ఒకటే: “చీటీ ఉంటేనయ్యా. ఇవాళ్టికి పారాసెటమాల్ వేసుకో, పొద్దున్నే ఆసుపత్రిలో చూపించుకుని రా.”

చీటీ అంటే ఎవరి చీటీ అన్నది పల్లెల్లో ఇంకో చిక్కు. సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మోతాదు, మొత్తం ఎన్ని మాత్రలో ఉన్న, మెడికల్ కౌన్సిల్లో నమోదైన డాక్టరు చీటీయే చీటీ. ఊళ్లో ఆర్‌ఎంపీ తెల్లకాగితం మీద రాసిచ్చింది కాదు. ఆర్‌ఎంపీ పేరును హెచ్ వన్ రిజిస్టరులో డాక్టరు కాలమ్‌లో రాస్తే తప్పును సొంత చేత్తో నమోదు చేసుకున్నట్టు. అదే ఆర్‌ఎంపీ వారానికి సరిపడా ఇంజెక్షన్లు, మందులు మొత్తంగా తీసుకెళితే, అది చిల్లర అమ్మకం కిందికి రాదు, హోల్‌సేల్ లైసెన్సు లేని హోల్‌సేల్ వ్యాపారం కింద పడుతుంది. చీటీ మీద మందు ఇచ్చాక షాపు పేరు, తేదీతో ముద్ర వేయడం మరిచిపోకూడదు. డాక్టరు మళ్లీ ఇవ్వమని రాస్తే తప్ప అదే చీటీకి రెండోసారి మందు ఇవ్వకూడదు. ఆ ముద్ర ఉన్నది అందుకే.

నెలాఖరున అరగంట కూర్చుని ఒకటి రెండు హెచ్ వన్ మందుల లెక్క తేల్చుకుంటే రిజిస్టరు ఎంత నిజమో బయటపడుతుంది. మన షాపు మే నెల సెఫిక్సిమ్ 200 లెక్క చూద్దాం. నెల మొదట్లో నిల్వ 40 మాత్రలు. రెండు బిల్లుల మీద వచ్చినవి 100, 50. మొత్తం 190. రిజిస్టరు ప్రకారం అమ్మినవి 118. ఎక్స్‌పైరీ దగ్గరపడి ఏజెన్సీకి క్రెడిట్ నోటు మీద తిప్పి పంపినవి 10. మిగలాల్సింది 62. ర్యాకులో ఉన్నవి 52. ఒక షీటు తక్కువ.

ఇప్పుడు కంప్యూటరులో ఆ మందు అమ్మకం బిల్లులు తీసి రిజిస్టరుతో తేదీల వారీగా పోల్చాలి. బిల్లుల్లో 128 మాత్రలు కనిపించాయి. 23వ తేదీ రాత్రి తొమ్మిదిన్నర దాటాక కొట్టిన ఒక బిల్లు రిజిస్టరులో లేదు. ఆ పూట భార్య ఇంటికి వెళ్లాక కౌంటరులో ఉన్నది కుర్రాడు. తప్పు ఎక్కడ జరిగిందో దొరికింది. ఇక్కడే చాలామంది రెండో తప్పు చేస్తారు. ఎవరో డాక్టరు పేరు, ఏదో రోగి పేరు రాసి 23వ తేదీ వరుసల మధ్య ఇరికిస్తారు. రాయకపోవడం లోపం, కల్పించి రాయడం మోసం. లోపం తేలిన రోజు తేదీతోనే “23వ తేదీ బిల్లు రిజిస్టరులో నమోదు కాలేదు, నెలాఖరు లెక్కలో తేలింది” అని రాసి సంతకం పెట్టాలి. ఇలా రాసినంత మాత్రాన ఆ అమ్మకం సక్రమమైపోదు. కాని లోపాన్ని దాచకుండా తామే పట్టుకున్నారని తెలుస్తుంది. ఇక ముందు ఫార్మాసిస్టు లేని వేళల్లో హెచ్ వన్ అర తాళం వేసి, తాళంచెవి ఆమె దగ్గరే ఉంచాలి.

ఒకవేళ ర్యాకులో 62 బదులు 72 ఉంటే? ఎక్కువున్నాయి కదా అని సంతోషించే విషయం కాదు. బిల్లు లేకుండా ఒక షీటు లోపలికి వచ్చిందని అర్థం. చేబదులు సరుకో, జేబు స్కీమో. తక్కువ వచ్చినప్పుడు రిజిస్టరును, ఎక్కువ వచ్చినప్పుడు బిల్లుల ఫైలును వెతకాలి.

మూడో రుజువు: నిల్వ

‘30 డిగ్రీలు మించకుండా ఉంచాలి’ అని ఎక్కువ షీట్ల మీద ఉంటుంది. కొన్నింటి మీద 25 అని ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఈ ప్రాంతంలో రేకుల కప్పు కింద, పడమటి గోడకు ఆనించిన ర్యాకులో వేడి ఎంతుంటుందో ఎవరూ ఊహించి చెప్పకూడదు, కొలవాలి. గోడకు ఒక డిజిటల్ థర్మామీటరు, దాని కింద రోజుకు రెండుసార్లు రాసే పట్టీ. పొద్దున తెరవగానే ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. మధ్యాహ్నం అంకె 30 దాటుతుంటే ఏసీ తప్పదు. అంత ఖర్చు వెంటనే పెట్టలేనివాళ్లు కనీసం పడమటి గోడ ర్యాకును ఖాళీ చేసి, వేడికి ముందు పాడయ్యే సరుకును లోపలి గదికి మార్చాలి. జెలటిన్ క్యాప్సూల్స్ ఒకదానికొకటి అతుక్కోవడం, మలద్వారంలో పెట్టే మందులు కరిగి రూపం మారడం, క్రీముల్లో నూనె విడిపోవడం, మాత్రల మీద మచ్చలు రావడం వేడి తగిలిందనడానికి గుర్తులు. గుర్తులు కనబడనంత మాత్రాన మందు బాగున్నట్టు కాదు. చాలా మందులు చూపుకు మారకుండానే బలం కోల్పోతాయి.

ఫ్రిజ్ సంగతి వేరు. ఇన్సులిన్, టీకాలు, ఆక్సిటోసిన్ వంటివాటికి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. వేడికి భయపడి కొందరు ఫ్రిజ్‌ను ఆఖరి నంబరుకు తిప్పి పెడతారు. దాంతో వెనక గోడకు తగిలి ఉన్న ఇన్సులిన్ గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనబడినా పనికిరాదు. అందుకే డబ్బాలు వెనక గోడకు, ఐసు అరకు దూరంగా, మధ్య అరల్లో ఉండాలి. తలుపు అరలో పెట్టకూడదు, తెరిచిన ప్రతిసారీ అక్కడ వేడి మారుతుంది. అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునే థర్మామీటరు లోపల పెడితే, రాత్రి కరెంటు పోయి ఎప్పుడో తిరిగి వచ్చినా పొద్దున్నే సంగతి తెలుస్తుంది. ఉదాహరణకు గరిష్ఠం 14 అని చూపిస్తే ఆ సరుకును పక్కకు తీసి, ఎంతసేపు ఎంత వేడిలో ఉందో రాసి, కంపెనీ ప్రతినిధిని అడిగి తేల్చుకునే దాకా అమ్మకూడదు. మధ్యాహ్నం అన్నం డబ్బా, మజ్జిగ సీసా, పండిన రసాలు ఇన్సులిన్ పక్కన ఉన్నాయంటే, ఎన్ని పట్టీలు రాసినా ఆ ఫ్రిజ్ మందుల ఫ్రిజ్ కాదని ఇన్‌స్పెక్టరు రాస్తాడు.

ఎక్స్‌పైరీ మందుల విషయంలో నిబంధన మనుషుల కష్టం ఎరిగి రాసిందే. తేదీ దాటిన మందు అమ్మకం సరుకులో ఉండకూడదు. కంపెనీకి తిప్పి పంపే ఏర్పాటు చేసినవాటిని మాత్రం తీసుకెళ్లే దాకా విడిగా ఉంచుకోవచ్చు. అవి అట్టపెట్టెలో ఉండాలి, పెట్టె పైన ‘అమ్మకానికి కాదు’ అని పెద్దగా రాసి ఉండాలి. తిప్పి పంపిన కాగితం కూడా ఆ పెట్టెలోనే పెడితే ప్రశ్నే రాదు. గేదెలు, మేకల మందులు కూడా పెట్టుకునే ఊరి షాపుల్లో వాటికి వేరే అల్మారా ఉండాలి. మనుషుల మందుల అరలో పశువుల ఇంజెక్షన్ ఒక్కటి కనబడినా అది లోపమే.

వచ్చిన రోజు

ఇన్‌స్పెక్టరు గుర్తింపు కార్డు చూపించమని మర్యాదగా అడగవచ్చు. షట్టరు దించేయడం, రిజిస్టరు ఇంట్లో ఉందని తిప్పిపంపడం మాత్రం చేయకూడదు. కావాలని అడ్డుకున్నా, రికార్డులు చూపించకపోయినా మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. తెలియనిదానికి తెలియదనే చెప్పాలి, అప్పటికప్పుడు కథ అల్లకూడదు.

శాంపిలు తీస్తే ఫారం 17 ఇస్తారు, మందు ధర చెల్లిస్తారు. మామూలుగా శాంపిలును నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి షాపుకే ఇస్తారు. ఆ సీలు పొట్లాన్ని మందుకు తగిన ఉష్ణోగ్రతలో, ఎవరూ కదపని చోట దాచాలి. ఒకటి పరీక్షకు, ఒకటి కోర్టుకు, మరొకటి మందు ఎవరి దగ్గర కొన్నారో వాళ్లకు వెళతాయి. అందుకే ఎవరి దగ్గర కొన్నారని ఇన్‌స్పెక్టరు రాతపూర్వకంగా అడుగుతాడు. ఆ బిల్లు కాపీ వెంటనే ఇవ్వగలిగితే మొదటి రుజువు అప్పుడే రికార్డుకెక్కుతుంది. అనుమానం ఉన్న సరుకును అమ్మకుండా ఆపమని ఫారం 15 ఇస్తే, 20 రోజుల వరకు దాన్ని కదపకూడదు. స్వాధీనం చేసుకుంటే ఫారం 16 రసీదు అడిగి తీసుకోవాలి. తర్వాత నాసిరకమని విశ్లేషకుడి నివేదిక వచ్చి, షాపు దాన్ని కాదనాలనుకుంటే, నివేదిక అందిన 28 రోజుల్లోగా ఆ మాట రాతపూర్వకంగా తెలపాలి. ఈ గడువు తేదీని కాగితం అందిన రోజే క్యాలెండరు మీద రాసుకోవాలి.

చివరగా ఫారం 35. ఇది తనిఖీ పుస్తకం, ప్రతి షాపులో ఉండాలి. ఇన్‌స్పెక్టరు తను చూసిన లోపాలు ఇందులో రాసి వెళతాడు. రాసినవాటిలో ‘ఫ్రిజ్‌లో థర్మామీటరు లేదు’ అని ఉంటే, కొన్న థర్మామీటరు బిల్లు, మొదటి నెల పట్టీ కాపీ జతచేసి జవాబు పంపి, ఆ జవాబు నకలును అదే పుస్తకంలో అతికించాలి. మళ్లీ వచ్చే ఇన్‌స్పెక్టరు, కొత్తవారైనా సరే, మొదట తిప్పేది పాత పేజీలే. పోయినేడు రాసిన లోపం ఈ ఏడూ అలాగే ఉంటే దాన్ని మరుపు అని ఎవరూ అనుకోరు. లైసెన్సు సస్పెన్షన్‌కో, రద్దుకో దారితీసేవి తరచుగా ఈ పాత పేజీలే. అంత దూరం వెళ్లినా, ఆ ఉత్తర్వు మీద మూడు నెలల్లోగా రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకునే హక్కు షాపు యజమానికి ఉంది.

ఇది చదివిన షాపు యజమాని ఇవాళ షట్టరు దించే ముందు ఒక పని చేసి చూడాలి. కళ్లు మూసుకుని ర్యాకులోంచి ఒక షీటు తీసి, దాని బ్యాచ్ నంబరు ఉన్న కొనుగోలు బిల్లును వెతకాలి. ఐదు నిమిషాల్లో దొరక్కపోతే, రేపటి పని ఫైళ్ల దగ్గర మొదలుపెట్టాలి.